పీవో లేని బిల్లు వచ్చినప్పుడు

బాలానగర్‌లో మోటారు వైండింగ్ షాపు నడిపే ఒకాయన మా ఫ్యాక్టరీకి చాలా ఏళ్లుగా పని చేస్తున్నాడు. ఒకసారి ఆయన బిల్లు మీద పర్చేజ్ ఆర్డరు నంబరు లేదని, ఎర్ర పెన్నుతో ‘పీవో లేదు, రిటర్న్’ అని రాసి, తెచ్చిన కుర్రాడి చేతికే తిరిగి ఇచ్చేశాను. అప్పటికి అకౌంట్స్‌లో నేను కొత్త. రూలు ప్రకారం నడుచుకున్నానని లోపల కొంచెం సంతోషం కూడా. మూడు నెలలకు, ఒక ఆదివారం రాత్రి కూలింగ్ టవర్ పంపు మోటారు కాలిపోయింది. మెయింటెనెన్స్ వాళ్లు ఫోన్ చేస్తే ఆయన, “పీవో వాట్సాప్‌లో పెట్టండి సార్, అప్పుడే బండి పంపిస్తా” అన్నాడట. సోమవారం పదకొండింటి దాకా ప్లాంటు నడవలేదు. అందరూ ఆయన్ని తిట్టారు. నేను మాత్రం నోరెత్తలేదు. ఆయనకు ఆ మాట నేర్పింది నేనే.

ఆ బిల్లు ఆపడం తప్పని ఇప్పటికీ అనను. పీవో అంటే ‘ఈ పని, ఈ రేటుకు, ఈ షరతుల మీద చెయ్యండి’ అని కంపెనీ రాసిచ్చే కాగితం. సరుకు వచ్చినప్పుడు స్టోర్స్ వాళ్లు రాసే రసీదు ఇంకొకటి. ఈ రెండూ బిల్లుతో కలిస్తేనే అకౌంట్స్ మనిషి ధైర్యంగా సంతకం పెడతాడు. ఒకే పనికి రెండు బిల్లులొచ్చినా, జరగని పనికి బిల్లొచ్చినా పట్టిచ్చేది ఈ పోలికే. పీవో లేకుండా ఒక్క బిల్లు పాసైతే రెండోదాన్ని ఆపే మొహం ఉండదు. నా తప్పు ఆపడంలో లేదు, ఆపిన తీరులో ఉంది. ఆ రాత్రి పనికి పిలిచింది మా మనిషి. పీవో తీయాల్సిందీ మా మనిషే. శిక్ష మాత్రం బయటివాడికి వేశాను.

పైగా ‘పీవో లేదు కాబట్టి బాకీ లేదు’ అనే వీలు చట్టంలోనూ లేదు. 1944లో బెంగాల్ పౌరసరఫరాల శాఖ అధికారులు అడిగితే ఒక కాంట్రాక్టు సంస్థ గోదాములు కట్టి పెట్టింది. పద్ధతి ప్రకారం జరగాల్సిన ఒప్పందం జరగలేదని ప్రభుత్వం డబ్బు ఎగ్గొట్టబోయింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పశ్చిమ బెంగాల్ రాష్ట్రానికీ బి.కె. మండల్ అండ్ సన్స్‌కూ మధ్య నడిచిన ఈ కేసులో 1961 డిసెంబరులో తీర్పు వచ్చింది. ఒకరు ఉచితంగా కాకుండా చేసిన పనిని ఇంకొకరు ఒప్పుకుని అనుభవిస్తే, దానికి ప్రతిఫలం ఇవ్వాల్సిందేనని కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ కింద కోర్టు తేల్చింది. కాబట్టి పని చేసినవాడితో ‘ఇవ్వం’ అంటే అది అబద్ధం. ‘ఈ కాగితంతో ఇంకా ఇవ్వలేం’ అనడం నిజం. ఈ రెండు మాటల మధ్య తేడాను వినేవాడు వెంటనే పసిగడతాడు.

ఇక అదే వైండింగ్ ఆయన రెండో బిల్లు సంగతి. శనివారం రాత్రి రెండు 60 హెచ్‌పీ మోటార్లు కాలిపోతే మెయింటెనెన్స్ మేనేజరు ఫోన్ చేసి పిలిచాడు. జూన్ 9న రెండూ తిరిగొచ్చి, బిగించారు, తిరిగాయి. 12న బిల్లు వచ్చింది. రీవైండింగ్, బేరింగులు, రవాణా కలిపి 86,000. దానిపై 18 శాతం జీఎస్టీ 15,480. మొత్తం 1,01,480 రూపాయలు. పీవో లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. మేనేజరు సంతకంతో పన్ను కాక 50,000 వరకే చెల్లుతుంది. అది దాటితే ప్లాంట్ హెడ్ ఒప్పుకోవాలి.

మేనేజరు నా దగ్గరికొచ్చి సులువైన దారి చెప్పాడు. “మోటారుకొక బిల్లు చొప్పున 43 వేలకు రెండు బిల్లులు రాయించమంటాను, నా పరిధిలోకి వచ్చేస్తాయి, పెద్దాయనను కదిలించడం ఎందుకు మేడమ్?” ఇంత చక్కగా సగానికి విరిగే అంకె ఎదురైతే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఆడిటర్లు మొదట వెతికేది దీన్నే: ఒకే పార్టీ, ఒకే వారం, పరిధికి కాస్త కింద ఆగిన జంట బిల్లులు. అప్పుడు సంజాయిషీ చెప్పాల్సింది మేనేజరు ఒక్కడే కాదు, బిల్లు విడగొట్టిన పాపానికి వైండింగ్ ఆయన పేరు కూడా అనుమానితుల్లో చేరుతుంది. ఆయనకు మేలు చేస్తున్నామనుకుంటూ ముంచడమంటే ఇదే. వద్దన్నాను.

వెంటనే వైండింగ్ ఆయనకు ఫోన్ చేశాను. ఇక్కడ వరస ముఖ్యం: ముందు ఫోను, తర్వాతే రాత. మెయిల్ ఒక్కటే వెళితే ఎంత మర్యాదగా రాసినా నోటీసులా ఉంటుంది. “మీ బిల్లు అందింది. మోటార్లు బాగా తిరుగుతున్నాయని స్టోర్స్ వాళ్లు చెప్పారు, పని గురించి మాకు ఏ అభ్యంతరమూ లేదు. పీవో మా వైపు నుంచి తీయలేదు. అది లేకుండా నేను పాస్ చేయలేను. తీయించే పని మాది, మీరు తిరగక్కర్లేదు. మీ నుంచి కావాల్సింది ఒక్కటే, మోటార్లు తీసుకెళ్లినప్పుడు ఇచ్చిన గేట్ పాస్ కాపీ.” ఆయన కాసేపు ఆగి, “ఎన్ని రోజులు పడుతుంది మేడమ్?” అన్నాడు. డబ్బు ఫలానా రోజు పడుతుందని చెప్పలేదు. అది నా చేతిలో లేదు. “ప్లాంట్ హెడ్ దగ్గరికి ఈరోజే కాగితం వెళుతుంది. సోమవారం సాయంత్రం నేనే ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చిందో చెబుతాను” అన్నాను. ఆ మాటలే వాట్సాప్‌లోనూ రాసి పెట్టాను. సోమవారానికి సంతకం కాలేదు. అయినా ఫోన్ చేసి, కాలేదనే చెప్పాను.

గేట్ పాస్ అడగడానికి కారణం ఉంది. మరమ్మతుకు బయటికెళ్లే వస్తువుకు ‘తిరిగి రావాలి’ అని రాసి గేటు దగ్గర పాస్ ఇస్తారు. ఏ మోటారు ఎప్పుడు బయటికి వెళ్లింది, ఎప్పుడు లోపలికి వచ్చింది, దాని సీరియల్ నంబరు ఎంత, అన్నీ అందులో ఉంటాయి. పీవో లేనప్పుడు పని నిజంగా జరిగిందనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు. మేనేజరుతో అరపేజీ నోటు రాయించాం: ఎవరు పిలిచారు, ఎందుకు ఆగలేకపోయారు, కిందటిసారి ఇదే పనికి ఎంత ఇచ్చారు. దాని మీద ప్లాంట్ హెడ్ సంతకమయ్యాక పీవో తీశాం. తేదీ మాత్రం ఆ రోజుదే వేశాం, ‘పని జూన్ 9న పూర్తయింది’ అని అందులోనే రాశాం. వెనక తేదీ వేసిన పీవో కంటే పీవో లేకపోవడమే నయం. లేకపోవడం నిర్లక్ష్యం, వెనక తేదీ వేయడం దొంగ కాగితం పుట్టించడం.

కొత్త బిల్లు మాత్రం అడగలేదు. ‘పీవో నంబరు వేసి మళ్లీ పంపండి’ అని చాలామంది అలవాటుగా అనేస్తారు. చిన్న షాపువాడికి అది చిన్న మాట కాదు. ఆయన ఆ బిల్లును జీఎస్టీ రిటర్నులో చూపించి ఉంటే, రద్దు చేయడానికి క్రెడిట్ నోటు ఇవ్వాలి, మళ్లీ కొత్త బిల్లు ఎక్కించాలి. నెలనెలా రిటర్ను వేసేవాడైతే, మన దగ్గర్నుంచి రూపాయి రాకపోయినా జూన్ బిల్లు మీది 15,480 జులై 20లోగా ప్రభుత్వానికి కట్టాల్సిందే. బిల్లులో అంకెలు, పేరు, జీఎస్టీ నంబరు సరిగా ఉంటే, వచ్చిన పీవో నంబరును మన రికార్డులో దానికి జత చేస్తే చాలు.

మా ఆఫీసులోనే చాలామందికి తెలియని విషయం గడువుది. సూక్ష్మ, చిన్న తరహా సంస్థలకు ఎన్నాళ్లలో చెల్లించాలో 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతుంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువు, అదీ 45 రోజులు దాటకుండా. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. గడువు షరతు మామూలుగా ఉండేది పీవోలోనే కదా! అంటే పీవో తీయకపోవడం వల్ల మనకు సమయం పెరగదు, తగ్గుతుంది. వైండింగ్ ఆయనకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది, మాతో విడిగా ఒప్పందమేదీ లేదు. జూన్ 9న మోటార్లు అప్పగించాడు కాబట్టి 24తో మా గడువు అయిపోతుంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా అసలులో కలుస్తూ పెరిగే చక్రవడ్డీ. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఇంకో దెబ్బ కూడా ఉంది: గడువు దాటిన అలాంటి బాకీని నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి. మార్చి 31 నాటికి అలా మిగిలిపోతే ఆ మేరకు ఆ ఏడాది ఆదాయప్పన్ను ఎక్కువ కట్టాలి.

పనిలో లోపం ఉందని 15 రోజుల్లోపు రాతపూర్వకంగా చెబితే, ఆ లోపం సరిచేసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. కానీ పీవో తీయకపోవడం మన ఇంటి గొడవ, పనిలో లోపం కాదు. దాన్ని సాకుగా చూపితే గడువు ఆగుతుందని నమ్ముకోవద్దు. ప్లాంట్ హెడ్ బల్ల మీద కాగితం నాలుగు రోజులు కదలకుండా ఉన్నప్పుడు నేను వాడిన మాటలు కూడా ఇవే. ‘పాపం చిన్నవాడు’ అంటే ఆయన తలెత్తలేదు. ‘24 దాటితే వడ్డీ మన ఖాతాలో పడుతుంది’ అంటే పెన్ను తీశాడు. 23న డబ్బు వెళ్లింది.

అన్నీ ఇలా ముగియవు. పై అధికారి రేటు ఎక్కువన్నాడనుకోండి, ‘ప్రాసెస్‌లో ఉంది’ అంటూ నెలలు నాన్చడం కంటే ఏ పద్దు మీద, ఎంత మీద పేచీయో రాసి చెప్పి, పేచీ లేని మొత్తానికి ఒప్పుదల తెప్పించి ముందు చెల్లించడం మంచిది. ఇక మా మేనేజరు లాంటివాళ్లకు మందు వేరే ఉంది. పీవో లేకుండా వచ్చిన బిల్లుల జాబితాను, పిలిచిన విభాగం పేరుతో సహా, ప్రతి నెలా ప్లాంట్ హెడ్‌కు పంపడం మొదలుపెట్టాం. రెండు నెలల్లోనే మెయింటెనెన్స్ వాళ్లే వచ్చి, వైండింగ్ ఆయనతో ఏడాదికి సరిపడా రేట్లు రాసుకుని ఒకే పీవో తీయమన్నారు. హెచ్‌పీని బట్టి రేటు, ఏడాది మొత్తానికి ఒక పరిమితి, చెల్లింపు గడువు అన్నీ అందులోనే ఉన్నాయి. ఇప్పుడు అర్ధరాత్రి పిలిచినా ఆ నంబరు చెబితే చాలు.

ఈ పేజీ చదువుతున్నవాళ్లలో బిల్లు ఇచ్చే వైపున్నవాళ్లూ ఉంటారు. రాత్రిపూట ఫోన్ మీద పని ఒప్పుకున్నప్పుడు, బయల్దేరే ముందు పిలిచినాయనకు వాట్సాప్‌లో రెండు ముక్కలు పెట్టండి: ‘మీరు చెప్పిన మీదట ఫలానా పనికి వస్తున్నాను, సుమారుగా ఇంత అవుతుంది, పీవో నంబరు రేపు పంపగలరు.’ మీ ఉద్యమ్ నంబరు బిల్లు మీద అచ్చు వేయించండి.