శాతం ఒకటి, లెక్క మరొకటి: ఆశించినంత రాని లాభాల బోనస్

సింగరేణి బొగ్గుగనుల కార్మికులకు ఏటా దసరా ముందు సంస్థ లాభాల్లో వాటా ప్రకటిస్తారు. దాని సూత్రం చెప్పుకోవడానికి చిన్నదే: లాభంలో ఇంత శాతం. చిక్కంతా ఏ లాభంలో అన్న దగ్గరే వస్తుంది.

2022-23లో సంస్థ లాభం 2,222 కోట్ల రూపాయలు. అందులో 32 శాతం, అంటే 711 కోట్లు, కార్మికులకు పంచారు. మరుసటి ఏడాది లాభం 4,701 కోట్లకు చేరింది. పాత పద్ధతిలోనే 33 శాతం ఇస్తే 1,551 కోట్లు రావాలి. 2024 సెప్టెంబరు 20న ప్రభుత్వం సరిగ్గా 33 శాతమే ప్రకటించింది. కానీ పంచేది 796 కోట్లని తేలింది. సంస్థ విస్తరణకు 2,289 కోట్లు ముందే పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీద శాతం కట్టారు. మొత్తం లాభంతో పోలిస్తే ఈ వాటా సుమారు 17 శాతమే.

ఒక్కొక్కరికి సగటున 1.90 లక్షలు అందాయి. ముందటేడు కంటే ఇది ఎక్కువే. అయినా 3.70 లక్షల వరకు లెక్క వేసుకున్నవారికి అది సగమే. కార్మిక సంఘాలు అభ్యంతరం చెప్పింది శాతం మీద కాదు, ఆ శాతం కట్టిన మూల మొత్తం మీద. 2025లో కూడా ఇదే జరిగింది. 6,394 కోట్లలో 4,034 కోట్లు భవిష్యత్ అవసరాలకు తీసి, మిగిలిన 2,360 కోట్లపై 34 శాతం ఇచ్చారు. శాతం ఒకటి పెరిగింది, లాభం వెయ్యి కోట్లకు పైగా పెరిగింది, పర్మినెంట్ కార్మికుల మొత్తం మాత్రం 796 కోట్ల నుంచి సుమారు 802 కోట్లకు వచ్చి ఆగింది.

లాభంలో కొంత తీసి పెట్టుకోవడం దానికదే తప్పు కాదు. కొత్త గని తవ్వాలన్నా, విద్యుత్ కేంద్రం కట్టాలన్నా డబ్బు కావాలి. 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టం కూడా స్థూల లాభం నుంచి తరుగుదల, పన్నులు, పెట్టుబడిపై 8.5 శాతం రాబడి వంటివి తీసివేశాకే మిగులు లెక్కించమంది. ఆ మిగులులో సాధారణంగా 60 శాతం పంపిణీకి ఉంచాలని, ఒక్కొక్కరి బోనస్ జీతంలో 8.33 శాతానికి తగ్గకుండా, 20 శాతానికి మించకుండా ఉండాలని నియమం పెట్టింది. అయితే చట్టంలోని తీసివేతలు ముందే రాసి ఉన్నవి, ఏడాది మొదట్లోనే అందరికీ తెలిసినవి. విస్తరణ నిధి ఎంతో పంపిణీ రోజున తెలిస్తే మాత్రం లెక్క తెలిసినవాడికి కూడా మోసపోయినట్టే ఉంటుంది. తగ్గిన సొమ్ము కంటే ఆ అనుమానమే ఎక్కువ కాలం నిలుస్తుంది.

అందుకే బోనస్ ఆశించినంత రాని ఏడాది ప్రకటనలో మొదటి వాక్యం పెద్ద శాతం కాకూడదు. చేతికొచ్చే సగటు మొత్తం, అది తగ్గిందన్న మాట ముందు రావాలి. ఆ తర్వాత 2024 ఉదాహరణే తీసుకుంటే నాలుగు అంకెలు వరుసగా చాలు: లాభం 4,701, తీసిపెట్టినది 2,289, మిగిలినది 2,412, అందులో 33 శాతం 796. వాటి పక్కనే కిందటేడు అంకెలు, పద్ధతి మారితే మారిందన్న వాక్యం ఉండాలి. తీసిపెట్టిన సొమ్ము ఏ పనికి, ఎవరి నిర్ణయంతో అన్నది కూడా అక్కడే చెప్పాలి. ‘లాభాలు పెరిగాయి, 33 శాతం ఇచ్చాం’ అని మాత్రమే రాస్తే అందులో అబద్ధం లేకపోయినా, చదివినవాడు 1,551 అనే అర్థం చేసుకుంటాడు.

కారణం చెప్పేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు, హాజరును మధ్యలోకి తేవడం. కార్మికుడి హాజరు ఉన్న మొత్తంలో అతని వాటాను మార్చగలదు. అతను మానేసిన రోజులకు వాటా తగ్గవచ్చు. కానీ 1,551 ఎందుకు 796 అయిందో హాజరు చెప్పలేదు, ఎందుకంటే ఆ తేడా పూర్తిగా 2,289 కోట్ల తీసివేతది. ఈ రెండు లెక్కలను ఒకే పేరాలో కలిపితే, బోర్డు గదిలో జరిగిన నిర్ణయానికి గనిలో దిగినవాడిని బాధ్యుణ్ని చేసినట్టవుతుంది. నిజంగా ఉత్పత్తే తగ్గిన ఏడాది కూడా కారణాన్ని దాని పేరుతోనే చెప్పాలి. ఓపెన్‌కాస్ట్ గనిలో వానలకు పని ఆగితే వాన అని, యంత్రాలు ఆగితే యంత్రాలని, బొగ్గు కొన్నవారు బకాయి పడితే బకాయి అని రాయాలి. బకాయి విషయంలో ఇంకో వివరం అవసరం: లాభం పుస్తకంలో కనిపించినా నగదు చేతికి రాకపోవచ్చు. అది చెల్లింపు తేదీని వెనక్కి నెట్టగలదు గాని, దానంతట అదే లాభం అంకెను తగ్గించదు.

చివరిగా, ఒక్కొక్కరి చీటీలో తన హాజరు రోజులు, వాటా కట్టిన తీరు, కోతలు విడివిడిగా ఉండాలి. హాజరు తప్పుగా పడిందనిపిస్తే ఏ కార్యాలయంలో, ఎప్పటిలోగా అడగాలో దాని మీదే రాయాలి.