విత్తువాని కథ: ముగ్గురు చెప్పిన తీరు

మొన్న ఆదివారం మా పక్కింటి పాప ఏడుపు మొహంతో వచ్చింది. సండేస్కూల్లో బైబిలు ప్రశ్నల పోటీ పెట్టారట. మంచి నేలన పడ్డ విత్తనాలు ఎన్నంతలు ఫలించాయని అడిగితే "ముప్పై, అరవై, నూరు" అని చెప్పిందట. "కాదు, నూరు, అరవై, ముప్పై" అని తప్పు పెట్టేశారట. నిజానికి ఇద్దరూ చెప్పింది సరైనదేనండీ! పాప చదివింది మార్కు సువార్త, టీచరమ్మ చూసుకున్నది మత్తయి.

ఈ ఉపమానం మూడు సువార్తల్లోనే ఉంది: మత్తయి 13వ అధ్యాయం, మార్కు 4, లూకా 8. యోహానులో వెతక్కండి, దొరకదు. అక్కడ 12వ అధ్యాయంలో భూమిలో పడి చావవలసిన గోధుమగింజ మాట ఒకటి ఉంది కాని, అది వేరే సంగతి.

కథ మీకు తెలిసిందే. రైతు విత్తనాలు చల్లుతాడు. కొన్ని దారి పక్కన పడితే పక్షులు తినేస్తాయి, కొన్ని రాతినేల మీద ఎండిపోతాయి, కొన్నింటిని ముళ్లపొదలు అణిచేస్తాయి, మిగిలినవి మంచి నేలలో పండుతాయి. ముగ్గురూ ఇదే వరస చెప్పారు. మార్కు ముందు రాశాడనీ, మిగతా ఇద్దరూ అతని పుస్తకం ఎదుట పెట్టుకుని రాశారనీ ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అలా అనుకుని చదివితే, ఎవరు ఎక్కడ మాట మార్చారో ఇట్టే కనిపిస్తుంది.

రాతినేల సంగతే చూడండి. అడుగున బండ, పైన పలచగా మన్ను. మొలక తొందరగా లేచింది, ఎండ కాసింది, వేరు లేక మాడిపోయింది అని మార్కు, మత్తయి విడమరచి చెప్పారు. లూకా ఎండ మాటా ఎత్తడు, వేరు మాటా ఎత్తడు. చెమ్మ లేక ఎండిందని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. అయితే దారి పక్కన పడ్డ గింజల్ని జనం తొక్కారని చెప్పింది మాత్రం లూకా ఒక్కడే. పంట లెక్కలోనూ అంతే. మార్కు ముప్పైతో మొదలుపెట్టి నూరుకి ఎక్కుతాడు, మత్తయి నూరుతో మొదలుపెట్టి ముప్పైకి దిగుతాడు, లూకా నూరంతలని చెప్పి ఊరుకుంటాడు. కాబట్టి ఎవరైనా ఈ కథ చెబుతుంటే, చెమ్మ మాటా పంట లెక్కా విన్నారంటే, అది ఏ సువార్తలోదో పోల్చుకోవచ్చు.

ఇవి చిన్న తేడాలు. అసలు చిక్కు, ఉపమానాలు ఎందుకని శిష్యులు అడిగినప్పుడు యేసు ఇచ్చిన జవాబులో ఉంది. మూడు చోట్లా యెషయా ప్రవక్త 6వ అధ్యాయంలోని మాటలే ఆధారం. మార్కులో ఆ జవాబు వినడానికే కష్టంగా ఉంటుంది. బయటివాళ్లు చూసినా కనుగొనకుండా ఉండాలని, లేకపోతే వాళ్లు మనసు తిప్పుకుని క్షమాపణ పొందుతారని అర్థం వస్తుంది. గ్రీకులో అక్కడ ఉన్న మాట 'హినా', అంటే 'అందుకోసం' అని. మత్తయి దాన్ని తీసేసి 'హోతి' పెట్టాడు, అంటే 'ఎందుకంటే' అని. వాళ్లు చూస్తూ కూడా చూడటం లేదు గనుకనే ఉపమానాలతో చెబుతున్నానని అర్థం మారింది. ఒక్క చిన్న మాటతో, దాచడానికి చెప్పిన కథ కాస్తా, జనం మొద్దుబారారు కాబట్టి చెప్పిన కథ అయింది! లూకా 'హినా'ని అలాగే ఉంచాడు గాని, క్షమాపణ ముక్కను వదిలేశాడు. మార్కు మాటను ఎలా అర్థం చేసుకోవాలో ఈనాటికీ వాదన తెగలేదు. నాకైతే, ఆ కరుకు మాటను సర్దకుండా మార్కు ఉంచడమే మెచ్చుకోదగ్గదిగా తోస్తుంది.

వివరణ చెప్పేచోట మంచి నేల ఎవరన్నది కూడా చూడండి. మార్కులో వాక్యాన్ని విని ఒప్పుకునేవారు. మత్తయిలో విని గ్రహించేవారు. లూకాలో విని, మంచి మనసుతో దాన్ని పట్టుకుని, ఓపికతో ఫలించేవారు. ఈ ఓపిక మాట లూకా ఒక్కడిదే.

ఇంకొకటి, నేను చాలా ఆలస్యంగా గమనించింది. యేసు తల్లీ సోదరులూ ఆయన్ని చూడటానికి వచ్చిన సంగతి మార్కు, మత్తయిలలో ఈ ఉపమానానికి ముందే వస్తుంది. లూకా దాన్ని జరిపి, ఉపమానం తరవాత పెట్టాడు. దేవుని వాక్యం విని దాని ప్రకారం చేసేవాళ్లే నా తల్లీ నా సోదరులూ అని అక్కడ యేసు అంటాడు. అదే అధ్యాయం మొదటి మూడు వచనాల్లో మగ్దలేనే మరియ, హేరోదు గృహనిర్వాహకుడు కూజా భార్య యోహన్న, సూసన్న మొదలైన స్త్రీలు తమ ఆస్తితో ఆయనకూ శిష్యులకూ ఉపచారం చేస్తూ వెంట తిరిగారని లూకా రాశాడు. వాళ్ల పేర్లు చదివి ఒక్క వచనం దాటగానే, రైతు విత్తనాలు చల్లడానికి బయలుదేరతాడు.