ముందు తేనె ధార, తర్వాతే డబ్బు మాట

2015 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాకు చెందిన స్టూవర్ట్ ఆండర్సన్, ఆయన కొడుకు సీడర్ ఇండిగోగో వెబ్‌సైట్‌లో ఒక వీడియో పెట్టారు. తాము ఏళ్ల తరబడి శ్రమించి తయారుచేసిన తేనెపెట్టెను చూపించి, ఉత్పత్తి మొదలుపెట్టడానికి 70 వేల డాలర్లు అడిగారు. ఆ మొత్తం నిమిషాల్లో వచ్చింది. గడువు ముగిసేసరికి కోటీ ఇరవై లక్షల డాలర్లు దాటింది. క్రౌడ్‌ఫండింగ్ కోసం వీడియో స్క్రిప్టు రాయాలనుకునేవాళ్లు చూసి నేర్చుకోదగ్గ ఉదాహరణ ఇది.

తేనె తీయడం ఎంత అవస్థో పెంపకందారులకు తెలుసు. పొగ పెట్టాలి, పెట్టె తెరవాలి, బరువైన చట్రాలు ఎత్తాలి, ఈగలను దులపాలి, మైనపు మూతలు కోయాలి, యంత్రంలో వేసి తిప్పాలి, వడకట్టాలి. సమస్యను చెప్పాలంటే ఈ పనులు కనిపిస్తే చాలు. ‘ప్రపంచవ్యాప్తంగా లక్షలాది మంది ఇబ్బంది పడుతున్నారు’ అని మొదలుపెడితే చూసేవాడి మనసుకు ఏమీ ఆనదు. ఒక మనిషి, ఒక పని, ఆ పనిలో చెయ్యి ఎక్కడ ఆగిపోతోందో అర నిమిషంలో చూపించాలి.

ఆ తర్వాత నమూనా. ఆండర్సన్‌ల పెట్టెలో చట్రంలోని గదులు ముందే ప్లాస్టిక్‌తో సగం తయారై ఉంటాయి. ఈగలు వాటిని మైనంతో పూర్తిచేసి, తేనె నింపి మూతలు వేస్తాయి. చట్రం పైభాగంలో పొడవాటి తాళంచెవి లాంటి పనిముట్టు పెట్టి తిప్పితే లోపల గదులు నిలువునా చీలి సన్నని కాలువలు ఏర్పడతాయి. తేనె వాటిగుండా కిందికి దిగి గొట్టంలోంచి సీసాలో పడుతుంది. పైన ఈగలు కదలకుండా తమ పని తాము చేసుకుంటూ ఉంటాయి. చెయ్యి తిప్పడం, తేనె కారడం కళ్లముందు జరిగితే మాటలతో నమ్మించాల్సిన పనే ఉండదు.

అందుకే నమూనా ఘట్టాన్ని మధ్యలో కట్ లేకుండా ఒకే షాట్‌లో తీయాలని గట్టిగా చెబుతాను. కట్ పడిన చోటే అనుమానం పుడుతుంది. కిక్‌స్టార్టర్ 2012లోనే పరికరాల విషయంలో కంప్యూటర్ బొమ్మలను నిషేధించింది. వస్తువు ఇవాళ ఎంతవరకు పనిచేస్తుందో అంతే చూపించాలి, రేపు చేయబోయే పనిని ఇవాళే చేస్తున్నట్టు నటించకూడదు. పరిమితి కూడా చెప్పాలి. తేనె తీయడానికి పెట్టె తెరవక్కర్లేదు కానీ, ఈగలకు తెగులు సోకిందేమో చూడటానికి తెరవక తప్పదు. ఆ మాట మనమే చెప్పేస్తే, తర్వాత మరొకరు ఎత్తిచూపే అవసరం రాదు.

ఎక్కువమంది దెబ్బతినేది రివార్డుల దగ్గర. ఒక పరికరం తయారీకి 1,200 రూపాయలు, ప్యాకింగ్, రవాణాకు 200 అవుతాయనుకుందాం. 1,500 ఇచ్చినవారికి ఒకటి పంపుతామని వీడియోలో చెప్పాం. వెబ్‌సైట్ కమిషన్ 5 శాతం, చెల్లింపుల రుసుము 3 శాతం అనుకుంటే 120 పోయి 1,380 చేతికొస్తుంది. ఖర్చు 1,400. ఒక్కోదాని మీద 20 రూపాయల నష్టం. పదివేల మంది ఆదరిస్తే రెండు లక్షలు మునుగుతాం. పన్నులు, పాడైపోయినవి మార్చి ఇవ్వడం ఇందులో కలపనేలేదు.

2014లో అమెరికాలో కూలెస్ట్ కూలర్ అనే ఐస్‌పెట్టెకు కిక్‌స్టార్టర్‌లో కోటీ ముప్పై లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ముందే పెట్టిన ధర తయారీ ఖర్చుకు చాలలేదు. కొందరిని అదనంగా 97 డాలర్లు కడితే త్వరగా పంపుతామని అడగాల్సి వచ్చింది. 2019లో సంస్థ మూతపడేనాటికి వేలాదిమందికి పెట్టె అందనేలేదు. అందుకే ఖర్చు లెక్క తేలాకే రివార్డు వాక్యం రాయాలి. మూడు నాలుగు రకాల రివార్డులు చాలు. ఒక్కొక్కటి చేతిలో పట్టుకుని, ఎంత ఇస్తే ఏది వస్తుందో, ఏ నెలలో పంపుతారో చెప్పాలి.

చివరి అభ్యర్థన తయారుచేసిన మనిషే కెమెరాలోకి చూస్తూ చెప్పాలి. నేనైతే ఇలా రాస్తాను: ‘నమూనా పనిచేస్తోంది, మీరే చూశారు. దీన్ని వందల్లో తయారుచేయడానికి అచ్చు కావాలి. ఆ అచ్చుకు ఆరు లక్షలు అవుతుంది, అంత డబ్బు మా దగ్గర లేదు. అచ్చు మొదటిసారి సరిగ్గా రాకపోతే రెండు నెలలు ఆలస్యం కావచ్చు. అలా జరిగితే ఆ వారమే మీకు రాస్తాం. మీకు ఇది ఉపయోగపడుతుందనిపిస్తే ఒకటి తీసుకోండి. ఇప్పుడు కొనలేకపోతే, ఈ పని రోజూ చేసే మీవాళ్లెవరికైనా ఈ వీడియో పంపండి.’ ఈ మాటల కింద సంగీతం పెట్టకూడదు, ఆయన గొంతు మాత్రమే వినిపించాలి.