పుణె వద్దు, పని కావాలి

బదిలీ వేశారా, వెళ్తారా అని అడిగారా? ముందు తేల్చుకోవాల్సింది ఇదే. 1989లో గుజరాత్ విద్యుత్ బోర్డు ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు మాట స్పష్టం: బదిలీ ఉద్యోగంలో భాగం. మార్చమని అర్జీ పెట్టుకోవచ్చు గానీ, అది పెండింగులో ఉందని కొత్తచోట చేరకుండా ఉండిపోకూడదు. అందుకే ప్రైవేటు ఉద్యోగులు కూడా ముందు తమ నియామక పత్రంలో బదిలీ షరతు చదువుకోవాలి.

అడిగి ఉంటే మాత్రం మాట్లాడే వీలుంది.

హైదరాబాద్‌లో ఒక అకౌంటెంట్‌కి పుణెలో టీమ్ లీడర్ పదవి ఇస్తామన్నారనుకుందాం. ఆమె తండ్రికి వారానికి మూడు డయాలసిస్‌లు. ‘ఆలోచిస్తానండీ’ అని నాన్చితే పైవాళ్లు ఒప్పుకున్నట్టే లెక్కేసుకుంటారు. తర్వాత కాదంటే కోపం రెట్టింపు. గడువులోపే మెయిల్ పెట్టడం మేలు: ‘నాన్నగారి చికిత్స వల్ల ఇప్పుడు ఊరు మారలేను. నెలకు నాలుగు రోజులు పుణె వచ్చి, నెలాఖరు లెక్కల ముగింపు బాధ్యత ఇక్కడినుంచే తీసుకోగలను. ఇక్కడ లీడర్ ఖాళీ వస్తే నన్ను పరిశీలించండి.’

కారణం ఒక్క వాక్యం చాలు. నాలుగు చెబితే నాలుగింటికీ పరిష్కారం చూపిస్తారు. తాను చేయగలిగింది మాత్రం రోజుల లెక్కతో సహా రాయాలి. ‘ఏ అవకాశమైనా సరే’ అంటే మేనేజర్ చేతికి పట్టు దొరకదు. ఆర్నెల్ల తర్వాత అప్రైజల్ కాగితంలో అదే పని పేరు కనిపించకపోతే, ఈ మెయిల్ తీసి మళ్లీ అడగవచ్చు.