సంతకం నాన్నదేనా?

రిటైరైన టీచరు ఒకాయన డెబ్బై ఎనిమిదో ఏట పోయారనుకుందాం. దినకర్మలు అయిన కొన్నాళ్లకు చిన్నకొడుకు ఒక వీలునామా బయటపెట్టాడు. ఇల్లూ, మూడెకరాల మాగాణీ అతనికే అని ఉంది. రిజిస్ట్రేషన్ లేదు, తేదీ చూస్తే చనిపోవడానికి ఎనిమిది నెలల ముందుది. పెద్దకొడుకు కాగితం చూస్తూనే "ఇది నాన్న సంతకం కాదు" అన్నాడు. వ్యవహారం కోర్టుకెక్కింది. అన్నదమ్ములిద్దరూ ఒక్క విషయంలోనే ఏకీభవించారు: ఎక్స్‌పర్ట్‌కి పంపిస్తే తేలిపోతుంది!

అంత తేలిగ్గా తేలదు. ఎక్స్‌పర్ట్ కంటే ముందు కోర్టుకు కావలసింది సాక్షి. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. కానీ 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు దాని మీద సంతకం చేసి ఉండాలి. రాసినాయన సంతకం పెడుతుండగా ఒక్కొక్కరూ చూసి ఉండాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన నోట విని ఉండాలి. ఆపైన ఆయన ఎదుటే తామూ సంతకం చేయాలి. ఆ ఇద్దరిలో ఒక్కరైనా బతికుండి, వచ్చే స్థితిలో ఉంటే కోర్టుకొచ్చి చెప్పి తీరాలి. ఆ సాక్ష్యం లేకుండా సంతకం ఎంత అచ్చంగా ఉన్నా వీలునామా రుజువు కాదు.

రుజువు చేసే భారం కూడా వీలునామా తెచ్చినవాడిదే. చుట్టూ అనుమానాలుంటే వాటిని తీర్చాల్సిందీ అతనేనని సుప్రీంకోర్టు 1959లోనే స్పష్టం చేసింది. మన ఉదాహరణలో చిన్నకొడుకే లేఖరిని పిలిపించి రాయించాడా? పెద్దకొడుక్కి ఎందుకు ఏమీ ఇవ్వలేదో కాగితంలో ఒక్క ముక్కైనా ఉందా? ఇన్నాళ్లూ దాన్ని ఎందుకు బయటపెట్టలేదు? సంతకం గురించిన అనుమానం ఈ ప్రశ్నల పక్కన కూర్చునే మరో ప్రశ్న.

ఇక ఎక్స్‌పర్ట్ దగ్గరికి వద్దాం. పోల్చడానికి ఏం ఇచ్చామన్న దాన్ని బట్టే ఆయన చెప్పేదాని విలువ ఉంటుంది. పెద్దకొడుకు ఇంట్లో వెతికి నలభై ఏళ్ల కిందటి ఉద్యోగపు కాగితాలు తెచ్చాడనుకోండి. పాఠాలు చెప్పే రోజుల్లో చకచకా పెట్టిన సంతకానికీ, డెబ్బై ఏడేళ్ల చేతికీ తేడా ఉండకపోతేనే ఆశ్చర్యం. కావలసినవి అదే కాలం నాటివి: పెన్షన్ కోసం బ్యాంకులో ఇచ్చిన ఫారాలు, చెక్కులు, ఆ ఒకటి రెండేళ్లలో చేసిన రిజిస్టర్డ్ దస్తావేజులు. ఒకటి రెండు చాలవు, పదీ పదిహేను దొరికితే మంచిది. ఏ మనిషీ రెండుసార్లు ఒకేలా సంతకం పెట్టడు కాబట్టి, ఆ తేడాలు సహజంగా ఎంత మేర ఉంటాయో ముందు తెలియాలి. అవి ఆయనవేనని ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి, లేదా విడిగా రుజువు కావాలి. ఒక పక్షం "ఇవి నాన్నవే" అని ఇచ్చేసినంత మాత్రాన సరిపోదు. అసలు కాగితాలే పంపాలి. జిరాక్సులో అక్షరాల ఆకారం కనిపిస్తుంది గానీ కలం ఎక్కడ నొక్కిందో, ఎక్కడ లేచిందో కనిపించదు.

భూతద్దం కింద ఆయన చూసేది ముఖ్యంగా ఆ కలం నడకే. వృద్ధాప్యపు సంతకం వణుకుతుంది, దొంగ సంతకమూ వణుకుతుంది. రెండు వణుకులూ వేరు. ముసలి చెయ్యి గీత వంకర పోయినా తన దారిలో తాను పోతుంది. ఒత్తిడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఉంటుంది, చివర గీత సన్నబడి ఆగుతుంది. చూసి దింపేవాడు సంతకం రాయడు, బొమ్మ గీస్తాడు. నెమ్మదిగా లాగడం వల్ల ఒత్తిడి మొదటినుంచీ ఒకేలా ఉంటుంది, గీత మొద్దుగా మొదలై మొద్దుగా ఆగుతుంది, కలం ఎత్తనక్కర్లేని చోట ఎత్తి మళ్లీ అతికించిన జాడ కనిపిస్తుంది. తెలుగు సంతకమైతే తలకట్టు ఎటునుంచి మొదలైంది, సున్నా ఎటువైపు తిరిగింది అన్నవి చాలా చెబుతాయి. చిన్నప్పటినుంచీ ఒక పద్ధతిలో తిరిగిన చెయ్యి ముసలితనంలో వణికినా తిరగడం మాత్రం సాధారణంగా అటే తిరుగుతుంది. ఆకారాన్ని దింపేవాడికి ఆ సంగతి తట్టదు.

మరీ ఒకేలా ఉన్నా అనుమానమే. 1865లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో సిల్వియా ఆన్ హౌలాండ్ అనే సంపన్నురాలు చనిపోయారు. ఆమె మేనకోడలు హెట్టీ తనకు లాభించే అదనపు పేజీ ఒకటి తెచ్చింది. దాని మీది సంతకం అసలు వీలునామా మీది సంతకంతో గీతకు గీత కలిసిపోయింది. హార్వర్డ్ గణితవేత్త బెంజమిన్ పియర్స్, ఆయన కుమారుడు కలిసి ఆమెవే 42 సంతకాలు తీసుకుని, ఒక్కోదానిలోని కిందికి దిగే 30 గీతలను జతలు జతలుగా పోల్చారు. అన్ని గీతలూ కలవడం అసాధ్యమన్నంత అరుదని సాక్ష్యం చెప్పారు. అంత లెక్క కట్టినా 1868లో కోర్టు ఆ లెక్క మీద తీర్పివ్వలేదు. హెట్టీ చెప్పిన సాక్ష్యం చట్టరీత్యా చెల్లదన్న కారణంతోనే ఆమె ఓడిపోయింది.

మన దగ్గర ఎక్స్‌పర్ట్ మాటను చట్టం అభిప్రాయంగానే తీసుకుంటుంది. పాత సాక్ష్య చట్టంలో అది 45వ సెక్షన్, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 39వది. దాన్ని ఎంతవరకు నమ్మాలో 1980లో ఒక తీర్పులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి వివరించారు. నా దృష్టిలో ఈ విషయంపై అంతకన్నా సమతూకమైన మాట మరొకటి లేదు. నిపుణుడి అభిప్రాయానికి వేరే బలం ఉంటే తప్ప పనికిరాదనే నియమం ఏమీ లేదన్నారు. అయితే దస్తూరి పోల్చే శాస్త్రం వేలిముద్రల శాస్త్రమంత పక్కాది కాదు కనుక జాగ్రత్త పడాలన్నారు. ఆయన చెప్పిన కారణాలను పరీక్షించి, మిగతా సాక్ష్యం పక్కన పెట్టి చూడాలి. అందుకే "కలవలేదు" అన్న ఒక్క ముక్క రిపోర్టుకు విలువ తక్కువ. పెద్దవి చేసిన ఫొటోలు పెట్టి, ఏ గీత ఎందుకు తేడాగా ఉందో చూపి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడిన అభిప్రాయానికే బరువు.

అంతకు ముందు, 1960ల తొలినాళ్లలో, కలకత్తా అలీపూర్ న్యాయవాది ఒకరి వీలునామా కేసు సుప్రీంకోర్టుకు చేరింది. ఎక్స్‌పర్ట్ అభిప్రాయం వీలునామాకు ఎదురుగా ఉంది, ఇద్దరు సాక్షులు మాత్రం తాము చూశామన్నారు. కోర్టు సాక్షులను నమ్మింది. పరిస్థితులు కూడా ఎక్స్‌పర్ట్ మాటను బలపరచలేదని అభిప్రాయాన్ని పక్కన పెట్టింది.

ఇప్పుడు మన టీచరుగారి కేసు. సంతకం ఆయనదే కావచ్చునని, ఖచ్చితంగా చెప్పలేమని రిపోర్టు వచ్చిందనుకోండి. చిన్నకొడుకు ఊపిరి పీల్చుకున్నాడు. సాక్షిగా వచ్చిన పక్కింటాయన బోనెక్కాడు. ఎక్కడ కూర్చుని సంతకం పెట్టారని అవతలి లాయరు అడిగాడు. "కాగితం చిన్నబ్బాయి మా ఇంటికి తెచ్చాడండీ, ఆయన సంతకం అప్పటికే ఉంది, నేను పెట్టాను" అన్నాడాయన. ఆ కాగితం తనదేనని టీచరుగారు ఆ సాక్షితో ఎప్పుడూ అనలేదు, ఆయన ఎదుట ఆ సాక్షి సంతకం పెట్టలేదు. రెండో సాక్షి పరిస్థితీ అదే. సంతకం నూటికి నూరుపాళ్లూ తండ్రిదే అయినా వీలునామా నిలవదు.

అదే సాక్షులిద్దరూ చనిపోయి ఉంటే కథ వేరు. అప్పుడు కనీసం ఒక సాక్షి సంతకం అతని దస్తూరీయేనని, వీలునామా సంతకం టీచరుగారిదేనని ఆ చేతిరాతలు ఎరిగినవాళ్లు చెప్పాలి. చూసినవాళ్లెవరూ మిగలని ఆ కేసులో, బ్యాంకు నుంచి తెప్పించిన పెన్షన్ ఫారాలూ, వాటి మీద ఎక్స్‌పర్ట్ రాసిన రిపోర్టే జడ్జి ఎదుట అన్నిటికన్నా ముందు నిలుస్తాయి.