సర్వే ముగిశాక ఎవరిని, ఏమడగాలి?

ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో డాక్టరేట్ చదివేవాళ్లలో కొందరు చివరిదాకా నిలబడతారు, కొందరు మధ్యలో మానేస్తారు. ఎందుకలా? అమెరికాలోని నెబ్రాస్కా-లింకన్ విశ్వవిద్యాలయంలో నడిచిన అలాంటి ఒక కోర్సు మీద నటాలియా ఇవంకోవా, షెల్డన్ స్టిక్ చేసిన అధ్యయనం 2007లో అచ్చయింది. వాళ్లు ముందు సర్వే చేశారు, తర్వాత ఇంటర్వ్యూలు. ఇంటర్వ్యూలో ఏమడగాలో సర్వే ఫలితాలు వచ్చాకే ఖాయం చేసుకున్నారు.

కోర్సులో ఉన్నవాళ్లూ, వదిలినవాళ్లూ కలిపి 278 మందికి ప్రశ్నావళి పంపితే 207 మంది జవాబిచ్చారు. వాళ్లను నాలుగు గుంపులు చేశారు: కొత్తగా చేరినవాళ్లు, సగం దారిలో ఉన్నవాళ్లు, పూర్తిచేసినవాళ్లు, మానేసినవాళ్లు. ఈ గుంపుల మధ్య స్పష్టమైన తేడా చూపిన అంశాలు ఐదు తేలాయి. కోర్సు తీరు, ఆన్‌లైన్ వాతావరణం, విద్యార్థులకు అందే సేవలు, అధ్యాపకులు, సొంత పట్టుదల. ఒక్కో అంశం మీద ఒక్కో ప్రశ్న తయారైంది.

నాకు నచ్చింది ఆ తర్వాతి అడుగు. గైడు, తోటి విద్యార్థుల బృందం, కుటుంబం, ఉద్యోగం, డబ్బు అనే అంశాలు లెక్కల్లో తేడా చూపలేదు. అయినా వాటి మీదా ప్రశ్నలు వేశారు. అందరికీ ఉద్యోగ భారం ఒకేలా ఉందనుకోండి, ఆ భారం గుంపులను విడదీయదు. అంతమాత్రాన ఎవరినీ నలిపేయలేదని కాదు. ఆ సంగతి మనిషి నోట వినాల్సిందే.

ఇక ఎవరిని అడగాలి? ఒప్పుకున్నవాళ్లనో, బాగా మాట్లాడేవాళ్లనో పట్టుకోలేదు. ప్రతి గుంపులోనూ సగటుకు బాగా దగ్గరగా జవాబిచ్చిన కొద్దిమందిని లెక్కగట్టి, వాళ్లలోంచి ఒక్కొక్కరిని ఏరారు. ఆ నలుగురూ వేర్వేరు నేపథ్యాల వాళ్లయ్యేలా చూసుకున్నారు. సర్వేలో ‘కోర్సు’, ‘అధ్యాపకులు’ విడివిడి గళ్లు. ఇంటర్వ్యూల్లోంచి పైకొచ్చిన నాలుగు ప్రధాన విషయాల్లో మొదటిది చదువు అనుభవంలోని నాణ్యత.

నలుగురి మాటలు 207 మంది అంకెలను రుజువు చేయవు, ఆ అంకెలు ఎందుకలా వచ్చాయో చెప్పగలవు, అంతే. ఈ పద్ధతి పేరు పెట్టుకుని, సర్వే జరగకపోయినా అడిగేవే అయిన ప్రశ్నలతో ఇంటర్వ్యూ చేసేవాళ్లూ ఉంటారు. కనిపెట్టడం తేలిక: ఫలానా ప్రశ్న ఏ ఫలితం చూసి పుట్టిందని అడిగితే వాళ్ల దగ్గర జవాబు ఉండదు.

మరో చిక్కు ముందే చూసుకోవాలి. పేర్లు, ఫోన్ నంబర్లు తీసుకోని సర్వే అయితే రెండోసారి వెళ్లడానికి మనిషే దొరకడు. అందుకే ‘మళ్లీ మాట్లాడతారా?’ అన్న ప్రశ్న మొదటి ప్రశ్నావళి చివర్లోనే పెట్టాలి.