పంచాయతీ మునిసిపాలిటీ కావాలంటే ఏ లెక్కలు కుదరాలి?

మేజర్ పంచాయతీని మునిసిపాలిటీగా మార్చడానికి జనాభా ఒక్కటే సరిపోదు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణతో చేరిన 243-క్యూ అధికరణం మూడు రకాల పట్టణ పాలక సంస్థలను పేర్కొంది. పల్లె నుంచి పట్టణంగా మారుతున్న ప్రాంతానికి నగర పంచాయతీ, చిన్న పట్టణానికి మునిసిపల్ కౌన్సిల్, పెద్ద నగరానికి మునిసిపల్ కార్పొరేషన్. ఏ ప్రాంతం ఏ తరగతిలోకి వస్తుందో నిర్ణయించేటప్పుడు చూడాల్సిన అంశాలనూ ఆ అధికరణమే చెప్పింది. అవి జనాభా, జనసాంద్రత, స్థానిక పాలనకు వచ్చే ఆదాయం, వ్యవసాయేతర పనుల్లో ఉన్నవారి శాతం, ఆర్థిక ప్రాధాన్యం. వీటితోపాటు గవర్నర్ తగినవని భావించిన ఇతర అంశాలనూ లెక్కలోకి తీసుకోవచ్చు.

రాజ్యాంగం అంశాలను చెప్పిందే తప్ప అంకెలు చెప్పలేదు. ఎంత జనాభా ఉండాలి, ఎంత సాంద్రత ఉండాలి అన్నది రాష్ట్రాలకు వదిలేసింది. అందుకే ఒక రాష్ట్రంలో పట్టణంగా లెక్కకొచ్చే ఊరు పొరుగు రాష్ట్రంలో పంచాయతీగానే ఉండిపోవచ్చు.

రెండు రాష్ట్రాలు, రెండు కొలతలు

74వ సవరణకు అనుగుణంగా కర్ణాటక తన మునిసిపాలిటీల చట్టంలో చిన్న పట్టణానికి స్పష్టమైన కొలతలు పెట్టింది. జనాభా 20 వేలకు తగ్గకూడదు, 3 లక్షలు దాటకూడదు. చదరపు కిలోమీటరుకు కనీసం 1,500 మంది ఉండాలి. మొత్తం ఉపాధిలో సగమైనా వ్యవసాయేతరమై ఉండాలి. ఏడాదికి పన్నులు, ఇతర మార్గాల ద్వారా వచ్చే ఆదాయం 9 లక్షల రూపాయలు గానీ, తలకు 45 రూపాయల చొప్పున లెక్కకట్టిన మొత్తం గానీ, ఏది ఎక్కువైతే అంతకు తగ్గకూడదు.

పశ్చిమ బెంగాల్ 1993 నాటి చట్టం మరో దారి పట్టింది. అక్కడ జనాభా 30 వేలు ఉండాలి. సాంద్రత మాత్రం చదరపు కిలోమీటరుకు 750 మంది ఉంటే చాలు. వయోజనుల్లో సగానికి మించి వ్యవసాయేతర పనులతో బతుకుతుండాలి. కర్ణాటకకు ఊరు కిక్కిరిసి ఉండటం ముఖ్యమైతే, బెంగాల్‌కు ఊరు పెద్దది కావడం ముఖ్యం.

వీటికి తోడు జనగణన శాఖకు సొంత కొలత ఒకటి ఉంది. 5 వేల జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పురుష ప్రధాన శ్రామికుల్లో 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండటం, ఈ మూడూ కుదిరితే ఆ ఊరిని ‘జనగణన పట్టణం’గా నమోదు చేస్తారు. 2001లో దేశంలో ఇలాంటివి 1,362 ఉండగా 2011 నాటికి 3,892కు పెరిగాయి. ఈ గుర్తింపు గణాంకాల కోసమే. దానివల్ల పాలన మారదు, మునిసిపాలిటీ రాదు. లెక్కల్లో పట్టణంగా, పాలనలో పంచాయతీగా ఉన్న ఊళ్లు దేశంలో వేలల్లో ఉన్నాయన్న మాట.

ఒక ఊరి లెక్క

ఈ కొలతలు ఎలా పనిచేస్తాయో ఒక ఊహాజనిత పంచాయతీని తీసుకుని చూడవచ్చు. జాతీయ రహదారి పక్కనున్న ఆ ఊరి జనాభా 24 వేలు, విస్తీర్ణం 14 చదరపు కిలోమీటర్లు అనుకుందాం. జనాభాను విస్తీర్ణంతో భాగిస్తే చదరపు కిలోమీటరుకు సుమారు 1,714 మంది వస్తారు. కర్ణాటక కొలతల్లో జనాభా, సాంద్రత రెండూ కుదిరాయి. తలకు 45 రూపాయల చొప్పున 10 లక్షల 80 వేలు అవుతుంది. ఇది 9 లక్షలకన్నా ఎక్కువ కాబట్టి ఆ ఊరి ఆదాయం కనీసం ఆ మాత్రం ఉండాలి.

ఇప్పుడు పక్కనున్న చిన్న పల్లెను కూడా కలిపి ప్రతిపాదన పంపారనుకుందాం. ఆ పల్లెలో ఉండేది 2 వేల మందే. కానీ పొలాలు, చెరువుతో కలిపి దాని విస్తీర్ణం 10 చదరపు కిలోమీటర్లు. రెండూ కలిస్తే జనాభా 26 వేలకు, విస్తీర్ణం 24 చదరపు కిలోమీటర్లకు చేరుతుంది. సాంద్రత మాత్రం సుమారు 1,083కు పడిపోతుంది. అంతకుముందు గట్టెక్కిన ఊరే ఇప్పుడు కర్ణాటక కొలత ముందు తప్పింది. బెంగాల్ కొలతలో ఈ సాంద్రతకు ఢోకా లేదు, కానీ అక్కడ జనాభా చాలదు. ఊళ్లో ఒక్క ఇల్లు పెరగలేదు, ఒక్క ఇల్లు తగ్గలేదు. మారిందల్లా పొలిమేర గీసిన తీరే.

సాంద్రత లెక్కలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. రెవెన్యూ గ్రామ విస్తీర్ణంలో సాగుభూమి, కొండ, చెరువు, పోరంబోకు అన్నీ కలిసే ఉంటాయి. జనం మెయిన్ రోడ్డు వెంట ఇరుకిరుకుగా కాపురముంటున్నా, పొలం విస్తీర్ణం ఎక్కువైతే కాగితం మీద సాంద్రత పలచబడుతుంది. బంగ్లాదేశ్ 2009లో చేసిన పౌరసభల చట్టం ఈ చిక్కును నేరుగా పట్టించుకుంది. అక్కడ 50 వేల జనాభా, 1,500 సాంద్రత, నాలుగింట మూడొంతుల మందికి వ్యవసాయేతర వృత్తి ఉండటంతో పాటు, ఆ ప్రాంతంలోని భూమిలో 33 శాతం వ్యవసాయేతరమై ఉండాలని కూడా నిబంధన పెట్టారు. పొలాలను పెద్దఎత్తున కలిపేసుకుని జనాభా అంకెను నెగ్గించుకోవడం అప్పుడు కుదరదు.

ఎవరి పనిని లెక్కపెట్టాలి?

వ్యవసాయేతర ఉపాధి శాతం కట్టడం మరింత జాగ్రత్తగా చేయాల్సిన పని. జనగణనలో పనిచేసేవారిని నాలుగు తరగతులుగా విభజిస్తారు. సొంతంగానో కౌలుకో సాగు చేసేవారు, వ్యవసాయ కూలీలు, ఇంటిపట్టున పరిశ్రమ నడిపేవారు, ఇతర శ్రామికులు. మొదటి రెండు తరగతులూ వ్యవసాయం కిందికి, చివరి రెండూ వ్యవసాయేతరం కిందికి వస్తాయి. మగ్గం నేసేవారు, కిరాణా కొట్టువారు, ఆటో నడిపేవారు, టీచర్లు, తాపీ మేస్త్రీలు రెండో వర్గంలోనే ఉంటారు. ఏడాదిలో ఆరు నెలలు లేదా అంతకన్నా ఎక్కువ కాలం పని దొరికినవారు ప్రధాన శ్రామికులు. అంతకన్నా తక్కువైతే ఉపాంత శ్రామికులు.

పైన చెప్పుకున్న ఊళ్లోనే పురుష ప్రధాన శ్రామికులు 6,400 మంది అనుకుందాం. వారిలో రైతులు 700, కూలీలు 700. మిగిలిన 5 వేల మందిదీ వ్యవసాయేతర పని. అంటే 78 శాతం. జనగణన అడిగే 75 శాతాన్ని ఊరు దాటింది. ఇదే ఊళ్లో మహిళా ప్రధాన శ్రామికులు 3,200 మంది ఉండి, వారిలో 1,900 మంది పొలం పనులే చేస్తుంటే, స్త్రీపురుషులను కలిపి కట్టిన వ్యవసాయేతర శాతం సుమారు 66కు దిగుతుంది. కర్ణాటక అడిగే సగానికి ఇది చాలు. 75 శాతం అడిగే చోట చాలదు.

ఈ తేడా తెలుగు పల్లెల్లో మామూలుగా కనిపించేదే. మగవాళ్లు పట్నంలో పనులకు, ఫ్యాక్టరీలకు వెళ్తుంటే నాట్లు, కలుపుతీత ఆడవాళ్ల మీదే నడుస్తుంటాయి. పురుషులను మాత్రమే లెక్కపెట్టే సూత్రంలో ఆ కూలీలు కనిపించరు. ఉపాంత శ్రామికులను వదిలేస్తే, ఏడాదిలో నాలుగైదు నెలలే పొలం పని దొరికేవారూ కనిపించరు. కాబట్టి ఏదైనా ప్రతిపాదనలో ఒక శాతం చూపించినప్పుడు అది ఎవరి మీద కట్టిన శాతమో ముందు అడగాలి.

అంకెల తర్వాత మిగిలేది

అంకెలు కుదిరినంత మాత్రాన ఊరు తనంతట తాను మునిసిపాలిటీ అయిపోదు. ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి, ఆ ప్రాంతం గ్రామ పంచాయతీ పరిధి నుంచి బయటికి రావాలి. విజయవాడను ఆనుకుని బందరు రోడ్డు వైపున్న కానూరులో 2011 నాటికే సుమారు 49 వేల జనాభా, పక్కనున్న యనమలకుదురులో సుమారు 34 వేల జనాభా ఉన్నా అవి మరో దశాబ్దం దాకా పంచాయతీలుగానే నడిచాయి. 2020 చివర్లో ఈ రెండింటితో తాడిగడప, పోరంకిలను కలిపి ఒకే మునిసిపాలిటీ చేశారు.

గోదావరి ఒడ్డునున్న భద్రాచలం సంగతి వేరు. అక్కడ సుమారు 50 వేల జనాభా ఉంది. రాములవారి గుడి వల్ల ఏడాది పొడవునా వ్యాపారమూ ఉంది. అయినా అది పంచాయతీగానే ఉంది. ఐదో షెడ్యూల్ ప్రాంతాలకు మునిసిపాలిటీల అధ్యాయం నేరుగా వర్తించదని 243-జడ్‌సీ అధికరణం చెబుతుంది. పార్లమెంటు ప్రత్యేక చట్టం చేస్తేనే ఆ అధ్యాయాన్ని అక్కడికి విస్తరించవచ్చు. ఏజెన్సీలోని పాల్వంచ, మణుగూరు, మందమర్రిలను మునిసిపాలిటీలుగా ప్రకటించినా, ఈ చిక్కు వల్లే ఏళ్ల తరబడి ఎన్నికలు జరగలేదు.

మార్పు జరిగాక నష్టపోయేవారూ ఉంటారు. గ్రామీణ ఉపాధి హామీ పని పట్టణానికి వర్తించదు. గ్రామీణ గృహనిర్మాణ పథకం స్థానంలో పట్టణ పథకం వస్తుంది. గ్రామసభ ఉండదు. ఇంటిపన్ను, నిర్మాణ అనుమతులు మునిసిపల్ నిబంధనల కిందికి వెళ్తాయి. ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేకాధికారి పాలన నడుస్తుంది. మురుగుకాల్వలు, చెత్త సేకరణ, వీధిదీపాలు, ప్రణాళిక ప్రకారం రోడ్లు కావాల్సిన ఊరికి మునిసిపాలిటీ అవసరమే. ఇంకా సగంమంది పొలం మీదే బతికే శివారు పల్లెను అంకె నింపడం కోసం అందులో కలిపితే, పట్టణ సౌకర్యాలు అందకముందే పల్లె పథకాలు పోతాయి.

జనాభాను మాత్రమే చూసి తీసుకునే నిర్ణయం అందుకే సరైనది కాదు. జనాభా ఊరి పరిమాణం చెబుతుంది. పట్టణ స్వభావాన్ని చెప్పేవి సాంద్రత, వృత్తుల లెక్కలే. ఈ రెండింటికీ 2011 జనగణన అంకెలే ఇప్పటికీ ఆధారం కావడం పెద్ద లోటు. పదేళ్లకు పైగా గడిచిన కాలంలో రహదారుల పక్క ఊళ్లు గుర్తుపట్టలేనంతగా మారాయి.

మీ పంచాయతీని మునిసిపాలిటీ చేయాలనో, పక్క మునిసిపాలిటీలో కలపాలనో ప్రతిపాదన వస్తే, గ్రామసభకు వెళ్లేముందు మూడు కాగితాలు చేతిలో ఉంచుకోండి. జనగణన ప్రాథమిక సారాంశంలో మీ ఊరి శ్రామికుల పట్టిక, ప్రతిపాదిత హద్దుల మ్యాపు, పంచాయతీ సొంత ఆదాయపు లెక్క. వాటిని ముందు పెట్టుకుని సాంద్రత, వృత్తుల శాతం మీరే కట్టి చూడండి. ఏ శివారును ఎందుకు కలుపుతున్నారో అడగండి. ప్రకటనలో అభ్యంతరాలకు గడువు ఇచ్చి ఉంటే, మీ మాటను ఆ గడువులోపే అంకెలతో సహా రాతపూర్వకంగా ఇవ్వండి.